ఫోటోలో నీలం, పార్సిల్‌లో ఆకుపచ్చ: బయ్యర్‌కి ఏం రిప్లై ఇవ్వాలి, లిస్టింగ్‌లో ఏం మార్చాలి

లాస్ట్ ఎపిసోడ్ కింద ఎక్కువ మంది అడిగింది ఒకటే. "బ్రో, కస్టమర్ 'ఫోటోలో ఒకటి, పంపింది ఒకటి' అని మెసేజ్ పెడితే ఏం చెప్పాలి?" అని. ఈ రోజు ఆ ఒక్క మెసేజ్ గురించే మాట్లాడుకుందాం.

ఊరికే గాల్లో చెప్తే ఎక్కదు కాబట్టి ఒక కేస్ పెట్టుకుందాం. మన ఉప్పలగుప్తంలో ఒక అక్క ఇంటి దగ్గర నుంచి చీరలు అమ్ముతోంది అనుకోండి. అమలాపురం పక్కన బండారులంక చేనేత చీరలకి పేరున్న ఊరు కదా, అక్కడ నుంచి కాటన్ చీరలు తెచ్చుకుంటుంది. వాట్సాప్ బిజినెస్‌లో కేటలాగ్ ఉంది, ఇన్‌స్టాలో పేజీ ఉంది. నెమలికంఠం రంగు చీర ఒకటి ఫోటో తీసి పెట్టింది. రేటు 1,650 రూపాయలు. హైదరాబాద్ నుంచి ఒక మేడమ్ ఆర్డర్ పెట్టింది, యూపీఐలో డబ్బులు వేసింది, పార్సిల్ అందింది. సాయంత్రానికి మెసేజ్: "ఏవండీ, ఫోటోలో నీలం చీర చూపించి ఆకుపచ్చ చీర పంపించారు. ఇలా మోసం చేస్తే ఎలా?" కింద పార్సిల్ విప్పి తీసిన ఫోటో. అందులో చీర నిజంగానే ఆకుపచ్చగా ఉంది.

ఇప్పుడు అక్కకి కోపం వస్తుంది. ఎందుకంటే తను పంపింది అదే చీర. మార్చలేదు. పైగా "మోసం" అన్న మాట. మేడమ్ వైపు నుంచి చూస్తే ఆవిడ కళ్లకి కనిపించింది నీలం, చేతికొచ్చింది ఆకుపచ్చ. ఇద్దరూ అబద్ధం చెప్పట్లేదు. మరి తేడా ఎక్కడ వచ్చింది?

రెండు చోట్ల వచ్చింది. మొదటిది చీరలోనే ఉంది. బట్ట నేసేటప్పుడు నిలువుగా ఉండేది పడుగు, అడ్డంగా వెళ్లేది పేక. నెమలికంఠం రంగు రావాలంటే పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు వేస్తారు. మన చీరలో పడుగు నీలం, పేక ఆకుపచ్చ అనుకోండి. ఎదురుగా చూస్తే రెండూ కలిసి ఒక రంగులా కనిపిస్తాయి. కొంచెం పక్కకి తిప్పితే ఒక దారం ఎక్కువ కనబడుతుంది, మడత దగ్గర ఇంకో దారం ఎక్కువ కనబడుతుంది. షాపుల్లో దీన్నే డబుల్ షేడ్ అంటారు. షాపులో అయితే ఆ చీరని కస్టమర్ చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసుకుంటుంది. ఫోన్‌లో చూసేవాళ్లకి ఆ అవకాశం లేదు. ఫోటో ఒక్క కోణాన్ని పట్టుకుని "ఇదే రంగు" అని తేల్చేస్తుంది.

రెండోది కెమెరా. కాటన్‌లో పట్టంత మెరుపు ఉండదు కాబట్టి డబుల్ షేడ్ ఎంత ఉన్నా పూర్తిగా నీలంలోకి వెళ్లిపోదు. మిగతా పని కెమెరా చేసింది. అక్క ఫోటో ఎలా తీసిందంటే, టేకు మంచం మీద గోధుమ రంగు దుప్పటి పరిచి, దాని మీద చీర పెట్టి, గదిలో బల్బు వేసి తీసింది. ఫోన్‌లో ఆటో వైట్ బ్యాలెన్స్ అని ఒకటి ఉంటుంది. దాని పని, సీన్‌లో వెలుతురు ఏ రంగులో ఉందో అంచనా వేసి తెల్లది తెల్లగా కనిపించేలా సరిచేయడం. ఫ్రేమ్‌లో ఎక్కువ భాగం గోధుమ, పసుపు రంగులే ఉంటే అది వెలుతురే పసుపుగా ఉందేమో అనుకుని ఫోటో మొత్తానికి నీలం కలుపుతుంది. దాని మీద ఫోన్ తనంతట తనే రంగులు కాస్త పెంచుతుంది. ఆకుపచ్చ నీలం అక్కడికి నీలం అయిపోయింది. అక్క ఏ ఫిల్టరూ వేయలేదు. కానీ ఫోటోలో ఉన్న రంగు చీరలో లేదు.

సాఫ్ట్‌వేర్‌లో మాకో జోక్ ఉండేది. టెస్టర్ బగ్ చూపిస్తే డెవలపర్ "నా సిస్టమ్‌లో బాగానే రన్ అవుతోంది" అంటాడు. సెల్లర్లు దానికి సేమ్ టు సేమ్ "నా ఫోన్‌లో బాగానే కనిపిస్తోందండీ" అంటారు. ఈ ఒక్క వాక్యం మాత్రం రిప్లైలో వద్దు. మీ ఫోన్‌లో ఎలా కనిపిస్తోందన్నది ఆవిడకి అక్కర్లేదు.

సరే, రిప్లైకి వద్దాం. నా లెక్కలో రిప్లై రెండు మెసేజ్‌లు. మొదటిది వెంటనే, చిన్నది. అందులో ఒప్పుకోవడం ఉండదు, కాదనడం ఉండదు. "మీ మెసేజ్, ఫోటో చూశానండీ. అదే రంగు చీర నా దగ్గర ఇంకొకటి ఉంది. రేపు ఉదయం వెలుతుర్లో మీ ఫోటోతో, కేటలాగ్ ఫోటోతో పెట్టి చూసి 10 గంటల లోపు చెప్తాను. అప్పటిదాకా చీర ఉతకకుండా, ట్యాగ్ తీయకుండా ఉంచండి." అంతే. టైమ్ చెప్పాం చూడండి, అది ముఖ్యం. టైమ్ చెప్పకపోతే ఆవిడ రాత్రంతా "బ్లాక్ చేస్తారేమో" అనుకుంటుంది, రివ్యూ రాసేస్తుంది.

ఇక్కడ చట్టం మాట ఒకటి. 2020లో వచ్చిన వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, మార్కెట్‌ప్లేస్‌లో అమ్మే సెల్లర్ కంప్లైంట్ అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెల లోపు తేల్చాలి. ప్రకటనలో చూపించిన లక్షణాలు వస్తువులో లేకపోతే వెనక్కి తీసుకోను, డబ్బు ఇవ్వను అనడానికి లేదు. అక్క సొంతంగా వాట్సాప్‌లో అమ్ముతోంది కదా, అయినా ఆ 48 గంటల లెక్కే పెట్టుకోవడం మంచిది. ఎందుకంటే బయ్యర్ 1915 నంబర్‌కి, అంటే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కి, ఫోన్ చేస్తే మొదట అడిగేది "సెల్లర్ ఏమన్నారు?" అనే.

ఇంకో విషయం. కేటలాగ్ కింద "లైటింగ్ వల్ల రంగు కొద్దిగా మారవచ్చు" అని చాలామంది రాస్తారు. రాయడం తప్పు కాదు. కానీ ముదురు ఆకుపచ్చ కొంచెం లేత ఆకుపచ్చగా వస్తే ఆ లైన్ పనికొస్తుంది. నీలం ఆకుపచ్చ అయితే అది "కొద్దిగా" కాదు. "నో రిటర్న్, నో ఎక్స్ఛేంజ్" అని పెద్ద అక్షరాలతో పెట్టినా, ఫోటోనే తప్పు అయినప్పుడు దాని వెనక దాక్కోవడం కుదరదు.

ఇప్పుడు రెండో మెసేజ్‌కి ముందు పని. ఉదయం వరండాలో, ఎండ నేరుగా పడని చోట, అక్క తన దగ్గరున్న రెండో చీర విప్పి పెట్టాలి. పక్కన ఒక తెల్ల ఏ4 కాగితం. ఒక ఫోటో తీసి చూడాలి, కాగితం ఫోన్‌లో తెల్లగా కనిపిస్తోందా అని. తెల్లగా ఉంటే చీర రంగు కూడా దాదాపు నిజమే. కాగితం నీలంగానో పసుపుగానో ఉంటే ఆ ఫోటో పక్కన పెట్టేయాలి. ఇప్పుడు మూడు ఫోటోలు పక్కపక్కన: కేటలాగ్‌ది, మేడమ్ పంపింది, ఇప్పుడు తీసింది. మన కేస్‌లో ఇప్పుడు తీసింది మేడమ్ ఫోటోకే దగ్గరగా వస్తుంది. ఆకుపచ్చ ఎక్కువ, మడతల దగ్గర నీలం. అంటే తీర్పు వచ్చేసింది. పంపిన చీర కరెక్ట్, చూపించిన ఫోటో తప్పు.

ఈ చెక్ చేయకుండా రిప్లై ఇస్తే ఏమవుతుందంటే, ఇంకో అవకాశం మిస్ అవుతాం. ఒక్కోసారి నిజంగానే వేరే చీర వెళ్లిపోయి ఉంటుంది. కట్టలో పక్కపక్కనే ఉన్న రెండు చీరల్లో ఒకటి బదులు ఒకటి ప్యాక్ అవుతుంది. అప్పుడు మార్చాల్సింది ప్యాకింగ్, లిస్టింగ్ కాదు. లేదా ఒకే డిజైన్ రెండోసారి నేసినప్పుడు అద్దకం మారి ఉంటుంది. ఫోటో పాత లాట్‌ది, చీర కొత్త లాట్‌ది. ఈ మూడింటికీ బయ్యర్ పంపే మెసేజ్ మాత్రం ఒకటే, "ఫోటోలో ఒకటి, వచ్చింది ఒకటి".

తేలింది కాబట్టి రెండో మెసేజ్. ఇది మొత్తం చదువుతాను, కావాలంటే స్క్రీన్‌షాట్ తీసుకోండి.

"మేడమ్ గారూ, నమస్తే. చూశానండీ. మీకు వచ్చింది నేను పంపాలనుకున్న చీరే. కానీ కేటలాగ్‌లో నేను పెట్టిన ఫోటోలో అది ఉన్నదానికంటే చాలా నీలంగా కనిపిస్తోంది. అసలు రంగు మీరు పంపిన ఫోటోలో ఉన్నట్టే ఉంది. ఇది నా ఫోటో వల్ల వచ్చిన తేడా. పడుగు నీలం, పేక ఆకుపచ్చ కాబట్టి మడతల దగ్గర నీలం కనిపిస్తుంది. ఈ ఉదయం తీసిన ఫోటో, చిన్న వీడియో పంపుతున్నాను. చూసి మీకు చీర నచ్చితే ఉంచుకోండి. వద్దనుకుంటే వెనక్కి పంపండి, పోస్టు ఖర్చు నాది. చీర నాకు అందిన రోజే 1,650 రూపాయలు మీరు పంపిన యూపీఐకే వేస్తాను. ఆదివారం లోపు ఏదో ఒకటి చెప్పండి చాలు."

ఇందులో ఏం ఉందో చూడండి. ఆవిడ "మోసం" అన్న మాటకి జవాబు లేదు. దాని మీద వాదన మొదలుపెడితే చీర సంగతి పక్కకి పోతుంది. "మీ ఫోన్ డిస్‌ప్లే వల్లేమో" అని లేదు. నిజానికి డిస్‌ప్లే వల్ల కూడా కొంత తేడా వస్తుంది. కొన్ని ఫోన్లలో డిస్‌ప్లే రంగులు "వివిడ్" మోడ్‌లో ఉంటాయి, అన్నీ ఎక్కువ చేసి చూపిస్తాయి. కానీ మనం పోల్చి చూశాక తప్పు ఫోటోదే అని తేలింది, ఇక ఆవిడ ఫోన్‌ని లాగడం ఎందుకు? పడుగు పేక సంగతి చెప్పాం, కానీ సాకుగా కాదు. ముందు ఫోటో తప్పని చెప్పి, తర్వాత చెప్పాం. ఆర్డర్ తిరగేసి చదవండి, "డబుల్ షేడ్ అండీ, అలాగే ఉంటుంది" అని ముందు పెడితే అదే వాక్యం దబాయింపులా వినిపిస్తుంది.

ఇంకొకటి, "200 డిస్కౌంట్ ఇస్తాను, ఉంచేసుకోండి" అని మొదటే అనలేదు. కొందరు అలా మొదలుపెడతారు. నాకు నచ్చదు. రంగు నచ్చక బాధపడుతున్న మనిషితో బేరం మొదలుపెట్టినట్టు ఉంటుంది. ఆవిడే "సరే కానీ ఏమైనా తగ్గించండి" అంటే అప్పుడు చూసుకోవచ్చు.

అక్క భయం ఏంటంటే, "రిటర్న్ తీసుకుంటే 1,650 పోయినట్టే కదా?" కాదండీ. లెక్క చూద్దాం. చీర వెనక్కి వస్తే మళ్లీ అమ్ముకోవచ్చు, ఈసారి సరైన ఫోటోతో. పోయేది రెండు వైపుల పోస్టు ఖర్చు. ఒక వైపుకి 80 అనుకుంటే 160 రూపాయలు. ప్లస్ కొత్త కవరు. చీర మీద అక్కకి మిగిలేది 350 అనుకుంటే, ఈ రిటర్న్ వల్ల సగం చీర లాభం పోయింది. బాధే. కానీ 1,650 కాదు. ఉతికిన చీర, ఫాల్ కుట్టించేసిన చీర వెనక్కి వస్తే మాత్రం లెక్క మారిపోతుంది, అందుకే మొదటి మెసేజ్‌లోనే ట్యాగ్ సంగతి చెప్పాం. వెనక్కి వచ్చిన పార్సిల్ విప్పేటప్పుడు ఒక వీడియో తీసుకోండి, అంచు, కొంగు, ట్యాగ్ కనిపించేలా. రీఫండ్ వేసేటప్పుడు డబ్బు వచ్చిన అదే యూపీఐ ఐడీకి వేయండి. "వేరే నంబర్‌కి వేయండి" అంటే ముందు ఫోన్ చేసి మాట్లాడండి.

ఇక్కడితో చాలామంది ఆగిపోతారు. బయ్యర్ సెటిల్ అయింది, హమ్మయ్య అని. కానీ కేటలాగ్‌లో ఆ నీలం ఫోటో ఇంకా ఉంది. ఈ రాత్రికి ఇంకొకరు అదే చూసి ఆర్డర్ పెడతారు. కాబట్టి లిస్టింగ్ పని బయ్యర్ సెటిల్ అయ్యాక కాదు, మొదటి మెసేజ్ పెట్టిన వెంటనే మొదలవ్వాలి.

ముందుగా ఆ ఐటమ్‌ని కేటలాగ్‌లో హైడ్ చేయాలి. వాట్సాప్ బిజినెస్‌లో ఐటమ్‌ని డిలీట్ చేయకుండా దాచే ఆప్షన్ ఉంది, అది వాడండి. దాచే ముందు పాత ఫోటో, పాత డిస్క్రిప్షన్ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. రేపు ఇంకెవరైనా "మీరు ఇలా చూపించారు" అంటే, నిజంగా అలాగే చూపించామా అని మనకి తెలియాలి కదా.

తర్వాత, ఇప్పటికే ఆర్డర్ పెట్టి ఇంకా పార్సిల్ వెళ్లని వాళ్లెవరు? ఇది అందరూ మర్చిపోతారు. మన కేస్‌లో ఇంకో ఇద్దరు ఉన్నారనుకోండి, ఒకరు రాజోలు, ఒకరు వైజాగ్. వాళ్లు ఇంకా కంప్లైంట్ ఇవ్వలేదు, ఎందుకంటే చీర అందలేదు. వాళ్లకి ముందే చెప్పాలి: "అక్కా, మీరు ఆర్డర్ పెట్టిన నెమలికంఠం చీర ఫోటోలో కనిపించినంత నీలం కాదు, ఆకుపచ్చ ఎక్కువ. కొత్త ఫోటో, వీడియో పంపుతున్నాను. ఇదే కావాలంటే రేపు పోస్ట్ చేస్తాను, వద్దంటే ఈ రోజే డబ్బు వెనక్కి వేస్తాను." రాజోలు అక్క "నాకు ఆకుపచ్చే కావాలమ్మా, పంపించెయ్" అనొచ్చు. వైజాగ్ ఆవిడ వద్దు అనొచ్చు. ఆ క్యాన్సిల్‌కి అక్కకి ఖర్చు సున్నా. పార్సిల్ వెళ్లాక అయితే మళ్లీ 160.

ఇప్పుడు కొత్త ఫోటోలు. వరండా వెలుతురు, ఉదయమో నాలుగు గంటల తర్వాతో. కింద తెల్ల దుప్పటి, గోధుమ రంగుది కాదు. బల్బులు ఆఫ్. కెమెరాలో ఫిల్టర్లు, బ్యూటీ, అన్నీ ఆఫ్. ఒక ఫోటో చీర పరిచి, పై నుంచి. ఒకటి మడతలు పడేలా పక్క నుంచి, రెండో రంగు అక్కడే కదా కనిపించేది. ఒకటి కొంగు, ఒకటి బ్లౌజ్ ముక్క. ఐటమ్‌కి పది ఫోటోల వరకూ పెట్టొచ్చు కానీ ఈ నాలుగు చాలు. ఒక 10 సెకన్ల వీడియో, చేత్తో చీరని నెమ్మదిగా తిప్పుతూ. డబుల్ షేడ్‌కి ఫోటో కంటే వీడియో చాలా నయం.

ఫోటోల ఆర్డర్‌లో ఒక చిన్న ఆశ పుడుతుంది. నీలంగా పడ్డ ఫోటో అందంగా ఉంటుంది, దాన్ని మొదట పెడదామా అని. వద్దు. చాలామంది మొదటి ఫోటో చూసే ఆర్డర్ పెడతారు, మిగతావి తిప్పరు. చీర ఎదురుగా ఎలా కనిపిస్తుందో అదే మొదటి ఫోటో. పెట్టే ముందు ఇంట్లో ఉన్న ఇంకో రెండు ఫోన్లలో చూడండి, ఒకటి తక్కువ రేటు ఫోన్ అయితే ఇంకా మంచిది. మూడింట్లోనూ "ఆకుపచ్చ" అనే అనిపిస్తే ఓకే.

తర్వాత మాటలు. పాత డిస్క్రిప్షన్ ఇలా ఉండేది: "నెమలికంఠం కాటన్ చీర, సూపర్ కలర్, లిమిటెడ్ స్టాక్." ఇందులో రంగు గురించి ఒక్క ముక్క లేదు. నెమలికంఠం అనగానే మన అమ్మమ్మలకి అర్థమవుతుంది, హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన అమ్మాయికి అవ్వకపోవచ్చు. కొత్తది: "బండారులంక చేనేత కాటన్ చీర. పడుగు నీలం, పేక ఆకుపచ్చ. ఎదురుగా చూస్తే ఆకుపచ్చ, మడతల్లో నీలం కనిపిస్తుంది. నీలం చీర కాదు. పొడవు 5.5 మీటర్లు, బ్లౌజ్ ముక్క 80 సెంటీమీటర్లు అదనం. రంగు వీడియోలో చూడండి." ఆ "నీలం చీర కాదు" అన్న రెండు ముక్కలు ఎక్కడి నుంచి వచ్చాయి? మేడమ్ కంప్లైంట్ నుంచే. ఆవిడ ఏ మాట అందో దానికి జవాబు డిస్క్రిప్షన్‌లో ఉండాలి. "చేనేత" అని రాస్తున్నారంటే అది నిజంగా మగ్గం మీద నేసిందే అయ్యుండాలి, పవర్‌లూమ్ చీరకి ఆ మాట పెడితే అది రంగు తేడా కంటే పెద్ద గొడవ.

ఇక మిగిలింది పాత ఫోటో తిరుగుతున్న చోట్లు. కేటలాగ్‌లో మార్చినంత మాత్రాన గ్రూపుల్లో ఫార్వర్డ్ అయిన ఫోటో మారదు. వాట్సాప్‌లో పంపిన మెసేజ్ ఎడిట్ చేయడానికి 15 నిమిషాలే టైమ్. ఎప్పుడో పెట్టిన ఫోటోని అందరి ఫోన్లలో నుంచి తీసేయడం కూడా కుదరదు. కాబట్టి అదే గ్రూపులో కొత్త ఫోటో పెట్టి "పాత ఫోటోలో రంగు నీలంగా పడింది, అసలు రంగు ఇది" అని రాయడమే. ఇన్‌స్టాలో అయితే పోస్ట్ చేసేశాక క్యాప్షన్ మార్చొచ్చు కానీ ఫోటో మార్చలేం. లైకులు పోతాయని పాత పోస్ట్ ఉంచి క్యాప్షన్ ఒక్కటే మార్చే వాళ్లున్నారు. క్యాప్షన్ ఎవరు చదువుతారండీ? డిలీట్ చేసి కొత్తగా పెట్టండి. 40 లైకుల కోసం ఇంకో రిటర్న్ ఎందుకు?

పెద్ద మార్కెట్‌ప్లేస్‌లో అమ్మేవాళ్లు ఒక్కటి చూసుకోండి. రంగు అని వేరే బాక్స్ ఉంటుంది, అందులో "బ్లూ" అని సెలెక్ట్ చేసి ఉంటే ఫోటోలు ఎన్ని మార్చినా "బ్లూ కాటన్ శారీ" అని వెతికేవాళ్లకి అదే కనిపిస్తుంది. అక్కడ కూడా మార్చాలి. పాత చీర స్టాక్ అయిపోయిందని, రివ్యూలు ఉన్నాయి కదా అని, అదే లిస్టింగ్‌లో వేరే చీర ఫోటో పెట్టడం మాత్రం వద్దు. కొత్త చీరకి కొత్త లిస్టింగ్.

ఇంత చేశాక కూడా ఒక నెల తర్వాత ఎవరో పాత నీలం ఫోటో స్క్రీన్‌షాట్ పెట్టి "ఇది ఉందా అండీ?" అని అడుగుతారు. ఖచ్చితంగా అడుగుతారు. అప్పుడు "ఉంది" అని రేటు చెప్పేయకండి. కొత్త వీడియో పంపి, "ఆ ఫోటోలో రంగు తప్పుగా పడిందండీ, చీర ఇలా ఉంటుంది, చూసి చెప్పండి" అనండి. ఆవిడ "ఓకే అండీ, ఇదే పంపండి" అని టైప్ చేశాకే యూపీఐ నంబర్ ఇవ్వండి.